చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని

మా అక్క మనవరాలు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. పోయిన వేసవిలో ఊరికి వచ్చినప్పుడు, పెళ్ళికి బయల్దేరే హడావుడిలో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళి, "అమ్మమ్మా, చీర పెట్టుకున్నావా?" అని అడిగింది. "రెండు పెట్టుకున్నానమ్మా, సంచిలో అడుగున ఉన్నాయి" అంది అక్క. పిల్ల అడిగింది ఒంటిమీది చీర సంగతి. అక్క చెప్పింది మర్నాటికి సర్దుకున్న చీరల సంగతి. ఇద్దరి మాటా వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ ఒకరి ప్రశ్నకు ఇంకొకరి జవాబు అందలేదు.

పిల్ల అలా అడగడానికి కారణం ఉంది. పొద్దున్నే తల్లి దానికి చెప్పే మాటలు ఇవి: బొట్టు పెట్టుకో, కమ్మలు పెట్టుకో, కళ్ళజోడు పెట్టుకో, వాచీ పెట్టుకో. ఇన్నిటికీ ఇంగ్లీషులో ఒకటే క్రియ సరిపోతోంది, చీరకూ అదే సరిపోతోంది. అందుకని తెలుగులో కూడా ఒకే క్రియ పొడిగించింది. తెలుగు నేర్పేవాళ్ళు ఇలాంటి పిల్లలకు సాధారణంగా ఒక సూత్రం చెబుతారు: బట్టలైతే వేసుకోవడం, నగలూ కళ్ళజోడూ అయితే పెట్టుకోవడం. మొదటి వారం గడవడానికి ఈ సూత్రం పనికొస్తుంది. రెండో వారంలో గాజులు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. గాజులు నగలే, అయినా ఎవరూ "గాజులు పెట్టుకో" అనరు. వేసుకుంటారు, తొడుక్కుంటారు. మెడలో గొలుసు కూడా నగే, అదీ వేసుకునేదే. చీర బట్టే, కానీ దాన్ని కట్టుకుంటారు. శాలువా బట్టే, కప్పుకుంటారు. తలపాగా బట్టే, చుట్టుకుంటారు. కాబట్టి బట్టలు ఒక పక్క, నగలు ఒక పక్క అని గీసిన గీత ఎక్కడో తప్పింది.

నాకు తోచిన గీత వేరు. తెలుగు చూసేది వస్తువు ఏ జాతిదన్నది కాదు, అది ఒంటికి ఎలా చేరుతుందన్నది. ముడి పడితే ఒక క్రియ, లోపలికి అవయవం దూరితే ఒక క్రియ, మీద పడి పరుచుకుంటే ఒకటి, ఒకచోట ఆనుకుని నిలబడితే ఇంకొకటి. కట్టు, తొడుగు, వేయు, పెట్టు అనే ఈ నాలుగు మాటలకూ ఒంటితో సంబంధం లేని సొంత అర్థాలున్నాయి. ఆ అర్థాలే ఒంటిమీదికి కూడా వచ్చాయి.

కట్టుకోవడంతో మొదలుపెడదాం, నాలుగింటిలోకీ మొండి క్రియ ఇదే. గేదెను గుంజకు కట్టినట్టే చీరను నడుముకు కడతాం. చీర, పంచె, లుంగీ, గోచి, మొలతాడు, తాయెత్తు, కాలి గజ్జెలు, పెళ్ళికొడుకు నుదుటి బాసికం అన్నీ ఈ పద్దులోవే. ఇందులో బట్టా ఉంది, అలంకారమూ ఉంది. కుట్టని బట్టకే ఈ క్రియ అనుకుందామా అంటే పరికిణీ అడ్డొస్తుంది. అది దర్జీ కుట్టిందే, అయినా బొందుతో ముడివేస్తాం కనుక "పరికిణీ కట్టుకుంది" అంటాం. పైజామాకూ బొందుంటుంది, కానీ కాళ్ళు రెండూ గొట్టాల్లో దూర్చాలి కనుక అది తొడుక్కునే, వేసుకునే వర్గంలోకి పోయింది. ముడి ఒక్కటే ఉంటే ముడిది గెలుపు, దూర్చడం కూడా ఉంటే దూర్చడానిది గెలుపు.

ఈ క్రియ పాతుకుపోయిందనడానికి ఇంకో గుర్తు, దానిలోంచి పుట్టిన మాటలు. ఇల్లు కాలితే కట్టుబట్టలతో బయటపడ్డారంటాం. ఒంటిమీద ఉన్నది షర్టూ ప్యాంటే అయినా అవి కట్టుబట్టలే, ఎందుకంటే ఆ మాట పుట్టిన రోజుల్లో జనం ఒంటిమీద ఉండేది కట్టుకునే బట్టే. ఒక మనిషి తీరును కట్టూ బొట్టూ అని రెండు మాటల్లో చెప్పేస్తాం. తాళి కట్టినవాడు కట్టుకున్నవాడయ్యాడు. ఇక్కడ కట్టడం అంటే ధరించడం కాదు. మూడు ముళ్ళు వేసేది అతను, ముడి పడేది ఆమె మెడలో. అయినా ఆ రోజు తరవాత ఆమె తన సూత్రాల గొలుసును "వేసుకుంటుంది" అని గానీ, "మెడలో ఉంది" అని గానీ అంటామే తప్ప రోజూ "కట్టుకుంటుంది" అనం. ముడి వేయడం ఒక్కసారి జరిగింది, మిగతాదంతా మెడలో వేలాడడమే.

తొడుగు అన్న మాట మీద నాకు ప్రత్యేకమైన మక్కువ. చొక్కా, రవిక, లాగు, మేజోళ్ళు, బూట్లు, ఉంగరం, గాజులు వీటన్నిటిలోనూ ఒక బోలు ఉంటుంది, అందులోకి ఒంట్లో ఒక భాగం దూరుతుంది. తెలంగాణ పల్లెల్లో అంగీ తొడుక్కోవడం అంటారు. గాజుల దుకాణం దగ్గర నిలబడి చూస్తే ఈ క్రియ అర్థం కళ్ళకు కడుతుంది. గాజులాయన ఆడమనిషి చేతిని తన చేతిలోకి తీసుకుని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళ మెటికల దగ్గర ఎముకల్ని మెల్లగా నొక్కి, గాజును మణికట్టు దాకా జారుస్తాడు. పగలకుండా తొడగడమే అతని పనితనం. దానికి పెట్టడం అన్న మాట చాలదు, ఒకచోట ఉంచేస్తే అయిపోయే పని కాదది. సీమంతంలో కూడా గాజులు తొడుగుతారు, లేదా వేస్తారు.

ఈ మాటకు పాత చుట్టాలున్నాయి. పాత తెలుగులో తొడవు అంటే ఆభరణం. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన నిఘంటువులోనూ ఆ మాట కనిపిస్తుంది. అంటే ఒకప్పుడు నగ అన్నదే తొడిగేది అన్న అర్థంలో చెలామణీ అయింది, బట్టలకు మాత్రమే తొడుగు అన్న పరిమితి లేదు. కన్నడంలో ఇప్పటికీ ఉడుగె తొడుగె అనే జంట మాట వాడుకలో ఉంది. చుట్టి కట్టే బట్టకు ఉడు, తొడుక్కునే బట్టకూ నగకూ తొడు. మనకు ఆ జంటలో ఉడుపులు అన్న నామవాచకం మాత్రం పుస్తకాల్లో మిగిలింది, తొడుగు క్రియగా బతికింది. ఒంటిని వదిలి చెట్ల మీదికి కూడా వెళ్ళింది. మారాకు తొడిగింది, మొగ్గ తొడిగింది అంటాం. కొమ్మ తనమీద తానే ఒక తొడుగును మొలిపించుకున్నట్టు కనిపిస్తుంది ఆ మాటలో. 

ఇక అసలు జంట, వేసుకోవడం, పెట్టుకోవడం. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్ళను తికమకపెట్టేవి ఈ రెండే. వేయడం అంటే చేతిలోంచి వదిలి, మీద పడనివ్వడం. విత్తనాలు వేస్తాం, ముగ్గు వేస్తాం, దుప్పటి వేస్తాం. పెట్టడం అంటే ఒకచోట ఉంచి చేయి తీసేయడం. దీపం పెడతాం, అరుగుమీద చెంబు పెడతాం. ఒంటి దగ్గరికి వస్తే, చొక్కా ఒంటినంతా పరుచుకుంటుంది కనుక వేసుకుంటాం. గొలుసు, పూలదండ, జంధ్యం, అయ్యప్ప మాల మెడమీద నుంచి జారి ఛాతీమీద పడతాయి కనుక అవీ వేసుకుంటాం. కమ్మ చెవి తమ్మె మీద ఒక్క బిందువు దగ్గర ఉంటుంది, ముక్కుపుడక ముక్కుమీద ఒక్కచోట ఉంటుంది, బొట్టు నుదుటి మధ్యన ఉంటుంది. వీటిని పెట్టుకుంటాం. కళ్ళజోడు ముక్కు దూలం మీదా రెండు చెవుల మీదా ఆని నిలుస్తుంది, దేన్నీ కప్పి పరుచుకోదు, అందుకని బొట్టు వరసలో చేరింది. టోపీ, హెల్మెట్, కిరీటం తలమీద పెట్టినవే. పూలు కూడా పెట్టుకుంటారు. చేతి కదలిక చెప్పదలిస్తే తురుముకుంటారు, ముడుచుకుంటారు. కాటుక పెట్టుకుంటారు, తీరుగా గీస్తే దిద్దుకుంటారు.

ఇది ద్రావిడ భాషలన్నిటికీ ఉమ్మడి పంపకం కాదు. పక్కనున్న తమిళులు కళ్ళజోడును కూడా చొక్కాలాగే "పోడు" అన్న క్రియతో చెబుతారు, అది మన వేయడానికి దగ్గర. కమ్మలూ వాళ్ళకు వేసుకునేవే. బొట్టునూ పూలనూ మాత్రం "వై" అంటారు, అది మన పెట్టడం లాంటిది. అంటే ఉంచడానికీ వేయడానికీ మధ్య గీత అక్కడా ఉంది, కాకపోతే కళ్ళజోడు ఆ గీతకు అవతల పడింది, మనకు ఇవతల.

చుట్టూ ఉన్న మాటలు కూడా ఈ గీతకు సాక్ష్యం చెబుతాయి. పెట్టుకునే వస్తువుకు చోటు చెప్పడం మనకు అలవాటు. చెవులకు కమ్మలు, ముక్కుకు పుడక, వేలికి ఉంగరం, కళ్ళకు జోడు, తలలో పూలు. చొక్కాకు చోటు చెప్పక్కర్లేదు. "ఒంటికి చొక్కా వేసుకున్నాడు" అంటే ఏదో నొక్కి చెబుతున్నట్టు వినిపిస్తుంది. గొలుసు మధ్యలో ఉంది. అది వేసుకునేదే అయినా "మెడలో" అని చోటు చెబుతాం, "మెడకు గొలుసు" అనడం మాత్రం కుక్కకే బాగుంటుంది.

మా అక్క జవాబుకు మూలం ఇక్కడే ఉంది. పెట్టుకోవడం చీరతో చేరినప్పుడు, చీరకు ఒంటిమీద ఆనే బిందువు ఏదీ లేదు కనుక, ఆ మాట ఉంచుకోవడం, దాచుకోవడం వైపు జరిగిపోతుంది. "కొను" తీసేస్తే ఇంకో అర్థం వస్తుంది. "ఆడపడుచుకు చీర పెట్టారు" అంటే ఒంటికి కట్టలేదు, బహూకరించారు. పేరంటాలకు బొట్టు పెట్టి, రవికలగుడ్డ పెడతారు. ఒకే వాక్యంలో మొదటి పెట్టడం నుదుటిమీద జరిగేది, రెండోది చేతిలో జరిగేది. "అమ్మాయికి ఎంత బంగారం పెట్టారు?" అని పెళ్ళిళ్ళలో అడిగే ప్రశ్న ఒంటిమీది నగల లెక్కే అనిపిస్తుంది గానీ అడిగేది ఇచ్చిన దాని గురించి. ఈ ఇచ్చే అర్థం కట్టడానికీ తొడగడానికీ లేదు. చీర కట్టింది అంటే ఎవరికో ఒంటికి చుట్టి కుచ్చిళ్ళు పోసిందనే.

ఇంతవరకూ చెప్పింది ఏ వస్తువుకు ఏ క్రియ అని. దీనికన్నా ఎక్కువ తప్పులు జరిగేది కాలం దగ్గర. ఇంగ్లీషు క్రియ ఒక స్థితిని చెబుతుంది: వస్తువు ఒంటిమీద ఉంది, అంతే. తెలుగులో పైన చెప్పిన క్రియలన్నీ పనులు. అవి నిమిషంలోనో పది నిమిషాల్లోనో పూర్తవుతాయి. అందుకని "ఆవిడ చీర కట్టుకుంటోంది" అంటే తలుపు వేసి ఉంది, కుచ్చిళ్ళు ఇంకా దోపలేదు, కాసేపు ఆగమని అర్థం. చీర ఒంటిమీద ఉన్న స్థితి చెప్పాలంటే, పని అయిపోయిందని చెప్పాలి: "కట్టుకుంది", "కట్టుకుని ఉంది". అలవాటైతే "కట్టుకుంటుంది". అనువదించిన కథల్లోనూ సినిమాల కింద పడే మాటల్లోనూ, హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి "కోటు వేసుకుంటూ" ఉండడం నేను చాలాసార్లు చూశాను. చదివేవాడికి ఒక క్షణం, ఆ మనిషి ఒక చేత్తో కాఫీ పట్టుకుని ఇంకో చెయ్యి కోటు చేతిలోకి దూరుస్తున్నట్టు కనిపిస్తుంది. పరీక్ష సులభం. ఆ వాక్యం ముందు "ఇంకా" అని చేర్చి చదవాలి. "ఇంకా కోటు వేసుకుంటూ ఉన్నాడు" అన్నప్పుడు ఆలస్యం అవుతోందన్న అర్థం వస్తే, క్రియ పనిని చెబుతోందన్నమాట, స్థితిని కాదు.

ఒక ఫొటో కింద రాసే వాక్యాన్ని తీసుకుందాం. ఎర్రచీర, కళ్ళజోడు ఉన్న ఒక స్త్రీ బల్లమీద కూర్చుంది. ఇంగ్లీషులో ఒక్క క్రియ రెండు వస్తువులనూ మోస్తుంది. దాన్ని పట్టుకుని తెలుగులో రాసేవాళ్ళు "ఎర్రచీర మరియు కళ్ళజోడు ధరించియున్న మహిళ" దగ్గర ఆగుతారు. కట్టుకోవడం రాస్తే కళ్ళజోడు ఒప్పుకోదు, పెట్టుకోవడం రాస్తే చీర ఒప్పుకోదు, అందుకని ధరించడం శరణ్యమైంది. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగుకు ఈ ఇబ్బందే లేదు. "ఎర్రచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని బల్లమీద కూర్చున్నావిడ" అని రెండు క్రియలూ పలుకుతుంది. లేకపోతే అసలు క్రియ జోలికే పోదు. బజార్లో ఎవరినైనా చూపించాలంటే మనం "ఆ ఎర్రచీరావిడ", "ఆ కళ్ళజోడాయన" అంటాం. స్థితిని చెప్పడానికి తెలుగు దగ్గరున్న అన్నిటికన్నా పొట్టి దారి అదే, అనువాదకులు దాన్ని వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ధరించడం మీద నాకు కోపం లేదు. సంస్కృతం నుంచి వచ్చిన ఆ మాట మోయడం అన్న అర్థంతో మొదలై, కిరీటం నుంచి చెప్పుల దాకా అన్నిటికీ సరిపోతుంది. దేవుడి అలంకారం వర్ణించేటప్పుడు, ప్రభుత్వ ప్రకటన రాసేటప్పుడు దానికి తగిన చోటు ఉంది. ఇబ్బంది ఎక్కడంటే అది చేతి కదలికను చెప్పదు. కట్టు అన్నప్పుడు వేళ్ళు ముడి వేస్తాయి, తొడుగు అన్నప్పుడు చెయ్యి దూరుతుంది. ధరించు అన్నప్పుడు చేతులు ఏమీ చేయవు.

2020లో మాస్కు వచ్చినప్పుడు ఈ క్రియలన్నీ ఒకే వస్తువు కోసం పోటీపడ్డాయి. కొత్త వస్తువుకు తెలుగు ఎలా క్రియ కుదురుస్తుందో కళ్ళారా చూసే అవకాశం అది. మొదటి రోజుల్లో చాలామంది చేతిరుమాలో తువ్వాలో ముక్కుకు అడ్డంగా పెట్టి తల వెనక ముడివేశారు. అప్పుడు వినిపించిన మాట "మూతికి గుడ్డ కట్టుకో". తరవాత చెవులకు తగిలించే రబ్బరు పోగుల మాస్కులు చవగ్గా దొరికాయి. ముడి పోయింది, దానితోపాటు కట్టుకోవడమూ పోయింది. చెవులకు ఆనుతుంది కనుక కొందరు కళ్ళజోడు వరసలో చేర్చి "మాస్కు పెట్టుకో" అన్నారు. ముక్కూ మూతీ గడ్డమూ కప్పుతుంది కనుక కొందరు "వేసుకో" అన్నారు. ఈ రెండూ చివరిదాకా పక్కపక్కనే నడిచాయి, మా ఇంట్లోనే నేను పెట్టుకునేవాణ్ణి, మా ఆవిడ వేసుకునేది. గోడమీది బోర్డులు మాత్రం మొదటి రోజు నుంచీ "మాస్కు ధరించండి" అనే చెప్పాయి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వస్తువు ఆకారం మారిన కొద్దీ క్రియ తనంతట తాను మారింది.

బడికి వెళ్ళే పిల్లవాడి ఒంటిమీద కూడా ఇదే లెక్క. టై ఇంగ్లీషు మాటే, అయినా ముడి ఉంది కనుక కట్టుకోవడం అయింది. బెల్టు పెట్టుకుంటాడు. సాక్సు వేసుకుంటాడు, తాతయ్య ఉంటే తొడుక్కోమంటాడు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు వేసుకుంటాడు, అదే కార్డు జేబుకు పిన్నుతో గుచ్చితే పెట్టుకుంటాడు. వస్తువు ఒకటే, తగిలించే తీరు మారింది.

తీసేటప్పుడు వాడే మాటలతో ఈ పంపకాన్ని సరిచూసుకోవచ్చు. విప్పడం అంటే ముడో పట్టో వదులు చేయడం. చీర, పంచె, తలపాగా, గజ్జెలు విప్పుతాం. బొత్తాలున్న చొక్కానూ విప్పుతాం. కళ్ళజోడును ఎవరూ విప్పరు, తీస్తారు. కమ్మలు, ఉంగరం, టోపీ తీసేవే. గాజులు కూడా తీసేవే, బొట్టైతే తీసేదో చెరిపేదో. తోలు పట్టీ వాచీకి రెండూ చెల్లుతాయి, పట్టీని తలుచుకుంటే కట్టుకుని విప్పుతాం, వాచీని తలుచుకుంటే పెట్టుకుని తీస్తాం. చెప్పులకు విడవడం అని ఇంకో మాట ఉంది, గుమ్మం దగ్గర వదిలి లోపలికి పోతాం కనుక. విడిచిన బట్టలు అంటే చాకలికి వేయాల్సినవి. నగల విషయంలో ఒలవడం అనే మాట వాడితే మాత్రం మనసుకు కష్టం కలిగించే సంగతే. దొంగలు ఒలుచుకుపోతారు, లేదా అప్పు తీర్చడానికి ఇల్లాలు తనమీద ఉన్నవన్నీ ఒలిచి ఇస్తుంది. చర్మంలా అంటుకున్నదాన్ని లాగినట్టు ఉంటుంది ఆ మాట.

ఇప్పుడు పట్టణాల్లో వేసుకోవడం మిగతా క్రియల చోట్లలోకి విస్తరిస్తోంది. తొడుక్కోవడం పెద్దవాళ్ళ నోట ఎక్కువ, కుర్రవాళ్ళ నోట తక్కువ. ఉంగరం, కమ్మలు కూడా వేసుకునేవే అవుతున్నాయి. కండువా రాజకీయ వార్తల్లో కప్పుకునేదే, పార్టీ మారినవాళ్ళంతా అదే కప్పుకుంటారు, కానీ పెళ్ళిలో పెద్దాయన భుజంమీద వేసుకుంటాడు. పదహారేళ్ళ పిల్లలు "చీర వేసుకున్నా" అనడం నేను వింటున్నాను. వినగానే సరిదిద్దాలనిపిస్తుంది. అలాంటి పిల్ల ఒకతెను అడిగి చూస్తే, అది కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుము దగ్గర కొక్కెం పెట్టిన చీర అని తేలింది. అమ్మిన షాపులోనే చెప్పారట, "ఇది కట్టుకోనక్కర్లేదమ్మా, లంగాలాగా వేసుకోవడమే" అని. మొన్నటి పెళ్ళిలో వాళ్ళ పిన్ని దాని కుచ్చిళ్ళు ముట్టుకుని చూసి, "ఎవరు కట్టారే ఇంత పొందికగా?" అని అడిగింది.

"ఎవరూ కట్టలేదు పిన్నీ, నేనే వేసుకున్నా."